రెండేళ్ళ పిల్లవాడికి మాటలు ఆలస్యమైతే తల్లిదండ్రుల కోసం రిపోర్టు ఎలా రాయాలి

స్పీచ్ థెరపీ రిపోర్టు మామూలుగా ఇంకో డాక్టరు చదవడానికి రాసినట్టే ఉంటుంది. దాన్ని ఇంటికి తీసుకుపోయేది మాత్రం తల్లిదండ్రులు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఆ కాగితాన్ని పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయితోనో, ఊళ్ళో ఆర్‌ఎంపీతోనో చదివించుకుంటారు. వాళ్ళకు అందులో అర్థమయ్యేది "లాంగ్వేజ్ ఏజ్ 12 నుంచి 14 నెలలు" అన్న ఒక్క ముక్కే. "అంటే మీవోని బుర్ర ఏడాది పిల్లగాని లెక్కుందంట" అని చెప్పేస్తారు. ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అందుకే అసలు రిపోర్టుకు ముందు తల్లిదండ్రుల కోసం తెలుగులో ఒక పేజీ విడిగా రాయండి. చిన్నపిల్లల విషయంలో ఆ పేజీయే అసలు వైద్యం మోసుకెళ్తుందని నా నమ్మకం. ఎందుకంటే నెలకు రెండుసార్లు మీ దగ్గర కూర్చునే ముప్పావుగంట కంటే మిగతా రోజులన్నీ పిల్లవాడు గడిపేది ఇంట్లోనే.

ఆ పేజీ ఎలా రాయాలో ఒక కేసు పెట్టుకుని చూద్దాం. ఇది ఏ ఒక్క పిల్లవాడిదీ కాదు, మన దగ్గరికి తరచూ వచ్చే పిల్లల వివరాలు కలిపి అల్లినది. బాబు వయసు 27 నెలలు. దేవరకొండ దగ్గర ఒక తండా. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి పత్తి ఏరడానికి కూలికి పోతుంది, పగలంతా బాబును చూసుకునేది నాయనమ్మ. ఇంట్లో లంబాడా భాష, తెలుగు రెండూ నడుస్తాయి. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం అంగన్‌వాడీకి వచ్చినప్పుడు చూసి, జిల్లా కేంద్రంలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీకి పంపింది. తల్లి చెప్పిన మాట ఇది: "అన్నీ అర్థమైతయ్ మేడం, చెప్పింది చేస్తడు. మాటలే వస్తలేవు."

ముందు రెండు విషయాలు తేల్చుకోండి

మొదటిది వినికిడి. పిల్లవాడు తలుపు చప్పుడుకు తిరుగుతున్నాడు, ఫోన్‌లో పాట వినగానే పరిగెత్తుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయని ఇంట్లోవాళ్ళు అంటారు. పెద్ద చప్పుళ్ళు వినబడి, మాటలోని సన్నటి శబ్దాలు సరిగా వినబడని పిల్లలుంటారు. తరచూ జలుబు చేసి చెవి లోపల నీరు చేరిన పిల్లల్లో ఇది మామూలే. అందుకే లోపలి చెవి స్పందన చూసే ఓఏఈ పరీక్ష, అవసరమైతే వినికిడి నరం స్పందన చూసే బెరా పరీక్ష, చెవి డాక్టరు చూపు అయ్యాకే మాటల ఆలస్యం గురించి గట్టిగా రాయండి. పరీక్ష ఇంకా కాకపోతే "వినికిడి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఇది తాత్కాలిక రిపోర్టు" అని మొదటి వరుసలోనే పెట్టండి. ఓఏఈలో 'రెఫర్' అని వస్తే చెవుడు అని కాదు, మళ్ళీ చూడాలి అని అర్థమని కూడా అక్కడే చెప్పాలి. మన బాబుకు రెండు చెవులూ బాగానే ఉన్నాయని తేలింది.

రెండోది, "అన్నీ అర్థమైతయ్" అన్న మాటలో ఎంత నిజముందో చూడటం. తల్లి అబద్ధం చెప్పదు. కాకపోతే ఆమె "చెప్పులు తే" అన్నప్పుడు చెయ్యి చెప్పులవైపు చూపిస్తుంది, కళ్ళు కూడా అటే పోతాయి. పిల్లవాడు ఆ చేతిని చూసి తెస్తాడు, మాట విని కాదు. కాబట్టి మీరు చేతులు వెనక్కి కట్టుకుని, పిల్లవాడి మొహంలోకే చూస్తూ "చెప్పులు తాతకియ్యి" అనండి. తల్లితో లంబాడాలో కూడా అలాగే అనిపించండి. మన బాబు రెండు భాషల్లోనూ చేశాడు. చెప్పులు తీసి, గది దాటి, బయట కూర్చున్న తాత చేతికే ఇచ్చాడు. ఈ సంగతి రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయండి. "రిసెప్టివ్ లాంగ్వేజ్ అడిక్వేట్" అన్న దానికంటే తల్లిదండ్రులకు ఇది ఎంతో బాగా అర్థమవుతుంది.

మాటల లెక్క వాళ్ళతోనే వేయించండి

"మాటలు ఎన్ని వస్తాయి?" అని అడిగితే "ఏం రావు మేడం" అంటారు. అలా కాకుండా పొద్దున లేచిన దగ్గర్నుంచి అడుగుతూ రండి. లేవగానే ఎవర్ని పిలుస్తాడు? ఆకలైతే ఏమంటాడు? కుక్క కనబడితే? నాన్న ఆటో తీస్తుంటే? ఇలా అడిగితే మన బాబుకు ఏడు మాటలు తేలాయి: యాడి, తాత, బాటి, పాణి, దా, టాటా, కుక్కకు 'బౌ'. యాడి అంటే అమ్మ, బాటి అంటే రొట్టె, పాణి అంటే నీళ్ళు.

ఇందులో దేన్ని లెక్కలో వేయాలో తల్లిదండ్రులకు చెప్పాలి. పలుకు శుద్ధంగా ఉండక్కర్లేదు. రొట్టెను రోజూ 'బా' అనే అంటే అది మాటే. ఎవరూ అనకముందే తనంతట తాను అనాలి, అదే వస్తువుకు అదే శబ్దం వాడాలి, అంతే. 'బౌ' కూడా లెక్కలోకి వస్తుంది. లంబాడా మాటలు, తెలుగు మాటలు, ఇంట్లో ఉర్దూ ఉంటే ఉర్దూ మాటలు, అన్నీ కలిపే లెక్కించాలి. తెలుగు మాటలే లెక్కేస్తే ఈ బాబుకు ఉన్నవి కూడా సగానికి పడిపోతాయి.

ఇక్కడే ఇంకో మాట కూడా రాయండి. "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి" అని చాలామంది సలహా ఇస్తారు, కొన్నిసార్లు మనవాళ్ళే. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. నాయనమ్మకు నిండుగా వచ్చేది లంబాడానే. ఆమెను తెలుగులోనే మాట్లాడమంటే రోజంతా పిల్లవాడి పక్కనుండే మనిషి మాటలు సగం ఆగిపోతాయి. "నాయనమ్మ తన భాషలోనే మాట్లాడాలి" అని రిపోర్టులో స్పష్టంగా పెట్టండి.

అంకెను ఒంటరిగా వదలకండి

మనం వాడే స్కేలు ఆర్‌ఈఈఎల్‌ఎస్. దాన్ని మనం 'రీల్స్' అని పిలుచుకుంటాం. తల్లిదండ్రులకు రీల్స్ అంటే ఫోన్‌లో వచ్చేవే, కాబట్టి వాళ్ళ పేజీలో ఆ పేరు వద్దు. ఆ స్కేలు రెండు అంకెలిస్తుంది, ఒకటి అర్థం చేసుకోవడానికి, ఒకటి మాట్లాడటానికి. మన బాబుకు మొదటిది 22–24 నెలలు, రెండోది 12–14 నెలలు. ఈ రెండూ పక్కపక్కనే ఉండాలి, వెంటనే వివరణ ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

"మీ బాబు వయసు 27 నెలలు. మాటలు అర్థం చేసుకోవడంలో 22 నుంచి 24 నెలల పిల్లల్లా ఉన్నాడు, అంటే వయసుకు దగ్గరగానే ఉన్నాడు. నోటితో మాట్లాడటంలో 12 నుంచి 14 నెలల పిల్లల్లా ఉన్నాడు. ఈ వయసుకు చాలామంది పిల్లలు 50కి పైగా మాటలు అంటారు, రెండు మాటలు కలిపి 'నాన్న దా', 'పాలు కావాలి' అంటారు. మీ బాబు ఏడు మాటలు అంటున్నాడు, కలపడం ఇంకా మొదలుకాలేదు. ఇది మాటల లెక్క. ఇది తెలివిని కొలిచే పరీక్ష కాదు."

ఆఖరి రెండు వాక్యాలు తీసేయకండి. పక్కింటి అమ్మాయి చదివినా, మేనమామ చదివినా ఆ వాక్యాలు వాళ్ళ కంటబడాలి.

తర్వాత బాబు చేయగలిగినవి రాయండి, కానీ పొగడ్తలా వద్దు. వేలుతో చూపించి కావాలని అడుగుతాడు. ఆటో హారన్ వింటే నాయనమ్మ మొహం చూసి, గుమ్మం వైపు చూపించి, మళ్ళీ ఆమెను చూస్తాడు. ఖాళీ గిన్నెలో గరిట తిప్పి బొమ్మకు తినిపిస్తాడు. పిలిస్తే తిరుగుతాడు. ఇవెందుకు ముఖ్యమో ఒక్క వాక్యంలో చెప్పండి: అర్థం చేసుకోవడం, వేలుతో చూపించడం, ఉత్తుత్తి ఆట బాగున్న పిల్లలు మాటల్లో అందుకునే అవకాశం ఎక్కువ. ఆటిజం గురించి తల్లిదండ్రులు అడిగినా అడగకపోయినా ఆ భయం వాళ్ళ మనసులో ఉంటుంది, ఎక్కడో వీడియోలో చూసే ఉంటారు. దాచొద్దు. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం అనుమానం ఉందో లేదో చూడటానికి వాడే ఎంచాట్ ప్రశ్నలు అడిగామని, ఇప్పటికి అనుమానించే లక్షణాలు తక్కువగా ఉన్నాయని, మళ్ళీ చూస్తామని రాయండి. 'లేదు' అని ముద్ర వేయడం మన పని కాదు.

'ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు

ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే ఇంట్లో నింద తల్లి మీద పడుతుంది. "కూలికి పోయింది కాబట్టే" అనో, "ఫోన్ ఇచ్చింది కాబట్టే" అనో. చాలామంది పిల్లల్లో ఒకే కారణం అంటూ దొరకదని, తల్లి పనికి పోవడం వల్ల ఇది రాలేదని ఆ పేజీలో రాయండి. కుటుంబంలో ఇంకెవరికైనా మాటలు ఆలస్యమైతే పిల్లల్లోనూ కనబడొచ్చు. మన బాబు తండ్రి గురించి నాయనమ్మే చెప్పింది: "వీళ్ళ నాయన గూడ నాలుగేండ్లకు మాట్లాడిండు, ఇప్పుడు ఎంత మాట్లాడుతడో చూడు." దీన్ని కొట్టిపారేయొద్దు, అలాగని ధైర్యంగా తీసుకుని ఊరుకోవద్దు. ఇంట్లో ఇలాంటి చరిత్ర ఉంటే కనిపెట్టి ఉండాల్సిన అవసరం ఇంకాస్త పెరుగుతుంది. అలాగే రాయండి.

ఫోన్ గురించి నిందలా కాకుండా లెక్కలా రాయండి. రెండేళ్ళ లోపు స్క్రీన్ వద్దని, రెండేళ్ళు దాటితే రోజుకు గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన బాబు పగలు దాదాపు మూడు గంటలు చూస్తున్నాడు. మాటలు ఆగడానికి ఫోనే కారణమని మనం రుజువు చేయలేం. ఆ మూడు గంటలూ ఎవరూ అతనితో మాట్లాడటం లేదన్నది మాత్రం నిజం. నాయనమ్మ వంట చేసేటప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు ఫోన్ ఇస్తుంది. రెండూ ఒకేసారి మానమంటే జరగదు. వంట టైములో ఫోన్ తీసేసి బాబును పక్కన కూర్చోబెట్టుకోమని అడగండి. ముందు ఆ ఒక్కటి చాలు.

నాలుక కింద నరం కోయించాలా అని తప్పకుండా అడుగుతారు. నాలుక బయటికి చాపగలిగి, తినడం తాగడం బాగుంటే, మాటల సంఖ్య తక్కువగా ఉండటానికి ఆ నరం కారణం కాదు. వస నూరి నాకించడం కూడా చాలా ఇళ్ళలో ఉంది. పెద్దవాళ్ళను వెక్కిరించకుండా, వసతో మాటలు వస్తాయని నమ్మకం పెట్టుకోవద్దని, పిల్లల డాక్టరును అడగకుండా లోపలికి ఇవ్వొద్దని రాయండి.

ఇంట్లో చేసేవి: మూడు మాత్రమే

పదిహేను పనులు రాసిన కాగితం అటక మీదికి పోతుంది. ఇంటి దినచర్యలో ఇప్పటికే ఉన్న పనులనుంచే మూడు ఎంచుకోండి. బొమ్మలు కొనమని, కార్డులు కొనమని రాయకండి. ఒక్కోదానికీ ఎవరు, ఎప్పుడు అన్నది తప్పకుండా ఉండాలి.

మొదటిది నాయనమ్మది, తినే వేళ. రొట్టె అంతా ఒకేసారి పళ్ళెంలో పెట్టకుండా చిన్న ముక్క తుంచి తన మొహం దగ్గర పట్టుకుని "బాటి" అంటుంది. ఆ తర్వాత నోరు మూసుకుని, మనసులో ఐదు దాకా లెక్కపెడుతూ, ఏదో వస్తుందన్నట్టు బాబును చూస్తూ ఆగుతుంది. ఈ ఆగడమే అసలు పని, అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. మన పెద్దవాళ్ళు రెండు క్షణాలు కూడా ఆగలేరు, "అను, బాటి అను, అను బిడ్డా" అని వెంటపడతారు. బాబు చెయ్యి చాపినా, 'బా' అన్నా, కనీసం కళ్ళలోకి చూసినా వెంటనే ముక్క ఇచ్చి, ఇస్తూ మళ్ళీ "బాటి" అనాలి. ఏమీ అనకపోయినా ఐదు లెక్కయ్యాక ఇచ్చేయాలి. అన్నం ఆపి మాట రప్పించడం వద్దని రిపోర్టులో గీత గీసి రాయండి. ఆకలి మీద మొదలుపెడితే ఏడుపు తప్ప ఏమీ రాదు. కడుపు సగం నిండాక నాలుగైదు ముక్కలకు చేస్తే చాలు.

రెండోది అమ్మది, సాయంత్రం స్నానం చేయించేటప్పుడు. పత్తి కాలంలో ఆమె పొద్దునే పోయి పొద్దుగూకినాక వస్తుంది, కాబట్టి పొద్దుటి పని ఏదీ ఆమెకు పెట్టకండి. నీళ్ళు పోస్తూ బాబు చూస్తున్న దాని పేరే, ఒకటి రెండు మాటల్లో చెప్పాలి. "నీళ్ళు. నీళ్ళు పోద్దాం. కాలు. కాలు కడుగుదాం." పొడుగు వాక్యాలు వద్దు, ప్రశ్నలూ వద్దు. "ఇదేంది? ఇదేంది?" అని అడిగితే పిల్లవాడికి అది పరీక్ష అవుతుంది. బాబు 'పా' అన్నాడనుకోండి, "పా కాదు, పాణి అను" అని దిద్దకుండా "ఆ, పాణి! చల్లటి పాణి" అని ఒక మాట పెంచి తిరిగి చెప్పాలి. దీన్ని మీ గదిలోనే చేసి చూపించి, తల్లితో చేయించండి. ఆమె మొదటిసారి సిగ్గుపడుతుంది, తనలో తాను మాట్లాడుకున్నట్టు ఉంటుంది కదా. రెండోసారికి కుదురుకుంటుంది.

మూడోది నాన్నది. రాత్రి ఆటో పెట్టాక పది నిమిషాలు బూచి ఆట. తువ్వాలు మొహం మీద వేసుకుని "బూ..." అని ఆగి, బాబు ఏదో ఒక శబ్దం చేశాక "చి!" అని తీయాలి. శబ్దాల వంతు తీసుకోవడం ఇక్కడే అలవాటవుతుంది. తండ్రిని రిపోర్టులో పేరు పెట్టి పిలవకపోతే ఇది ఆడవాళ్ళ పని అనుకుని పక్కకు పోతాడు.

ఒక జాగ్రత్త కూడా చేర్చండి. వస్తువుల పేర్లు చెప్పడానికి పల్లీలు, శనగలు, చింతగింజలు ముందు పోస్తుంటారు. ఈ వయసు పిల్లలకు అవి గొంతులో అడ్డం పడొచ్చు. చెంచా, గ్లాసు, ఉల్లిగడ్డ, చెప్పు చాలు.

ఎంత ఆశించాలో తేదీతో రాయండి

"త్వరలో మాటలు వస్తాయి" అని రాస్తే రెండు వారాలకే ఫోన్ వస్తుంది. "ఓపిక పట్టండి" అని రాస్తే ఎంతకాలమో తెలియక మానేస్తారు. నేనైతే ఈ బాబుకు ఇలా రాస్తాను:

"మొదటి నెలలో కొత్త మాటలు రాకపోవచ్చు. మీ మొహం చూసి ఆగడం, వేలుతో చూపిస్తూ శబ్దం చేయడం, మీరు చేసిన శబ్దాన్ని మళ్ళీ చేయడం ముందు కనబడతాయి. అవి వస్తే దారిలో ఉన్నట్టే. మూడు నెలలకు సొంతంగా అనే మాటలు 20 దాకా చేరాలని మన లక్ష్యం. ఇది హామీ కాదు. రెండు మాటలు కలపడం సాధారణంగా 50 మాటల దగ్గర మొదలవుతుంది, కాబట్టి ఇప్పుడే వాక్యాలు ఆశించకండి. ఒక కొత్త మాట ఒకసారి అని కొన్నాళ్ళు అనకపోవచ్చు, జ్వరం జలుబు ఉన్న వారం తగ్గొచ్చు."

చివర్లో, "మా బాబు మామూలుగా అయితడా?" అన్న ప్రశ్నకు నిజం చెప్పాలి. రెండేళ్ళప్పుడు మాటలు తక్కువగా ఉన్న పిల్లల్లో చాలామంది బడికి పోయే వయసుకు అందుకుంటారు. కొందరికి సాయం ఎక్కువకాలం కావాలి. ఎవరు ఏ దారిలో పోతారో 27 నెలల వయసులో ఏ థెరపిస్టూ ఖచ్చితంగా చెప్పలేరు. అందుకే ఇప్పుడు ఎదురుచూస్తూ కూర్చోకుండా పని మొదలుపెడుతున్నాం. ఈ నాలుగు వాక్యాలు చాలు.

గడువు దాకా ఆగకుండా రావాల్సిన సందర్భాలు విడిగా, పెద్ద అక్షరాలతో పెట్టండి: వచ్చిన మాటలు పోవడం, పిలిస్తే పలకడం మానడం, చెవి నుంచి చీము కారడం, ఫిట్స్ రావడం.

చదివి వినిపించి, తిరిగి చెప్పించుకోండి

కాగితం చేతికిచ్చి పంపొద్దు. గట్టిగా చదివి, "అమ్మా, ఇంటికి పోయినాక అత్తమ్మకు ఏం చెప్తవు?" అని అడగండి. "రోజూ మాట్లాడించాలె అన్నరు" అని మాత్రమే అంటే మీ పేజీ ఇంకా చేరలేదు. "ముక్క పట్టుకుని ఐదు లెక్కపెట్టాలె, అనకపోయినా ఇయ్యాలె" అంటే చేరింది. చదువు రాని నాయనమ్మకు అదే సంగతి వాయిస్ మెసేజ్‌గా వాట్సాప్‌లో పంపండి, వీలైతే తల్లి గొంతుతో, లంబాడాలో. తల్లి బాలామృతం తీసుకోవడానికి ఎలాగూ అంగన్‌వాడీకి పోతుంది, ఆమె ఒప్పుకుంటే టీచరుకు కూడా ఒక కాపీ ఇవ్వమనండి.

మళ్ళీ వచ్చేటప్పుడు మాటల జాబితా తెమ్మనండి. గోడ మీది క్యాలెండర్‌లో, ఏ రోజు ఏ కొత్త మాట వస్తే ఆ గడిలో రాస్తే చాలు. మూడు నెలల తర్వాత పాత ఏడుతో కలిపి 20 మాటలు కనబడితే తర్వాతి పేజీలో రెండు మాటలు కలపడం మొదలుపెట్టండి. పదికి కూడా రాకపోతే అవే మూడు పనులు మళ్ళీ రాసివ్వకండి. ముందు పనులు నిజంగా జరిగాయో లేదో తల్లితో చేయించి చూడండి. జరిగినా కదలిక లేకపోతే వినికిడి మళ్ళీ చూడమని, పిల్లల డాక్టరుతో పూర్తి ఎదుగుదల పరీక్ష చేయించమని, ఈసారి వారానికోసారి థెరపీకి రావాలని ఆ కొత్త పేజీలో రాయండి. దేవరకొండ నుంచి వారం వారం రావడానికి ఎవరు కూలి వదులుకోవాలో ఆ రోజే వాళ్ళతో కూర్చుని తేల్చండి.